లేవని లాప్‌టాప్‌లోంచి ఫైళ్లు తీయడం

పవర్ బటన్ నొక్కితే లైటు కూడా వెలగదు. ఛార్జర్ మార్చి చూస్తారు, ఇంకో ప్లగ్గులో పెట్టి చూస్తారు, చివరికి రిపేరు షాపుకి తీసుకెళ్తారు. అక్కడ మూత తీసి చూసి, "బోర్డు పోయిందండీ, డేటాకి గ్యారంటీ ఇవ్వలేం" అంటారు. ఈ రెండు మాటలూ ఒకేసారి చెవిన పడేసరికి బోర్డుతో పాటు పిల్లల ఫొటోలు, ఆఫీసు కాగితాలు, లెక్కలు అన్నీ పోయాయని చాలామంది అక్కడే ఆశ వదులుకుంటారు. షాపువాళ్లు చెప్పింది అది కాదు. మేం పని చేసేటప్పుడు ఫైళ్ల పూచీ మాది కాదు అని మాత్రమే వాళ్లు చెప్పారు.

లాప్‌టాప్‌కి ప్రాణం పోసేది మదర్‌బోర్డు. ఫైళ్లు ఉండేది దానికి తగిలించిన డ్రైవ్‌లో. ఇంట్లో కరెంటు పోయినంత మాత్రాన బీరువాలో దస్తావేజులు మాయం కానట్టే, బోర్డు కాలినంత మాత్రాన డ్రైవ్‌లో రాసి ఉన్నది చెరిగిపోదు. చాలా లాప్‌టాప్‌లలో ఆ డ్రైవ్‌ని స్క్రూడ్రైవర్‌తో విప్పి బయటకు తీయవచ్చు. దాన్ని ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో అమర్చి, యూఎస్‌బీ కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి కలిపితే పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. అయితే గత కొన్నేళ్లలో వచ్చిన విండోస్ లాప్‌టాప్‌లలో ఈ పనికి ఒక కొత్త అడ్డు వచ్చింది. డ్రైవ్ చక్కగా పనిచేస్తున్నా, తాళం తెరిచే సంఖ్య లేకపోతే లోపలిది చదవలేం.

ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం. తెనాలిలో పది పదిహేను చిన్న దుకాణాలకి లెక్కలు రాసే అకౌంటెంట్ ఒకాయన ఉన్నారనుకుందాం. విండోస్ 11 లాప్‌టాప్, అందులో టాలీ, ఎక్సెల్ షీట్లు, పార్టీలు పంపిన బిల్లుల స్కాన్ కాపీలు. నెలలో 20వ తేదీలోగా జీఎస్‌టీ రిటర్నులు వేయాలి. 16వ తేదీ పొద్దున లాప్‌టాప్ లేవలేదు.

మూత విప్పే ముందు, జబ్బు నిజంగా బోర్డుదేనా అని చూసుకోవాలి. ఛార్జర్ పీకేసి పవర్ బటన్‌ని అర నిమిషం పాటు గట్టిగా నొక్కి పట్టుకుని, మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే కొన్ని లాప్‌టాప్‌లు లేస్తాయి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తూ తెర మాత్రం నల్లగా ఉంటే, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి చూడాలి. టీవీ మీద బొమ్మ వస్తే పోయింది తెర ఒక్కటే, డ్రైవ్ జోలికి వెళ్లనక్కర్లేదు. కంపెనీ లోగో వచ్చి, ఆ తర్వాత బూట్ అయ్యే డ్రైవ్ కనబడడం లేదని ఇంగ్లిష్‌లో సందేశం వస్తే మాత్రం అనుమానం డ్రైవ్ మీదకి మళ్లుతుంది. అప్పుడు చేయాల్సిన పద్ధతి వేరు, దాని సంగతి తర్వాత చూద్దాం. మన అకౌంటెంట్ గారి లాప్‌టాప్‌లో లైటు లేదు, ఫ్యాను లేదు, టీవీ మీదా ఏమీ రాలేదు. ఫైళ్ల విషయంలో ఇది మంచి లక్షణమే. బోర్డుకి కరెంటు అందడం లేదంటే డ్రైవ్ క్షేమంగా ఉండే అవకాశం ఎక్కువ.

ఎన్‌క్లోజర్ కొనడానికి ముందు లోపల ఉన్న డ్రైవ్ ఏ రకమో తెలియాలి. ఎక్కువమంది డబ్బులు వృథా చేసుకునేది ఇక్కడే. పాత లాప్‌టాప్‌లలో అరచేతి అంత వెడల్పున్న రెండున్నర అంగుళాల డ్రైవ్ ఉంటుంది. అది తిరిగే హార్డ్‌డిస్కు అయినా, అదే ఆకారంలో వచ్చే ఎస్‌ఎస్‌డీ అయినా, రెండూ సాటా రకమే. వాటికి సాటా ఎన్‌క్లోజర్ సరిపోతుంది. కొత్త లాప్‌టాప్‌లలో చూయింగ్ గమ్ రేకు లాంటి సన్నటి పలక ఉంటుంది. దీన్ని ఎం.2 అంటారు. ఎక్కువగా కనబడేది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలక. దాని సైజు పేరు 2280. పొట్టివి 2242, 2230.

చిక్కేమిటంటే, ఒకే ఆకారంలో ఉన్న ఈ పలకల్లో రెండు జాతులున్నాయి. కొన్ని సాటా భాషలో మాట్లాడతాయి, కొన్ని ఎన్‌వీఎంఈ భాషలో. సాటాకి మాత్రమే పనికొచ్చే డబ్బాలో ఎన్‌వీఎంఈ పలక పెడితే కంప్యూటర్‌కి ఏమీ కనబడదు, అది చూసి డ్రైవ్ చచ్చిపోయిందని పొరబడతారు. పలక చివర బంగారు రంగు పళ్ల వరసలో ఒక్క గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లు ఉంటే సాధారణంగా సాటా. రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ పలకలూ లేకపోలేదు కాబట్టి లేబుల్ చదవడమే నమ్మకమైన మార్గం. దాని మీద ఎన్‌వీఎంఈ అని గానీ పీసీఐఈ అని గానీ ఉంటే ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్ కావాలి. లేబుల్ చూసినా తేలకపోతే రెండు రకాలూ చదవగలిగే డబ్బాలు కూడా దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువైనా వాటితో ఈ తలనొప్పి ఉండదు.

అకౌంటెంట్ గారి అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, ముందు మూత విప్పించి లోపలి లేబుల్ ఫొటో పంపండి, అది చూసి కొంటాను" అంది. ఫొటోలో 512 జీబీ, ఎన్‌వీఎంఈ అని స్పష్టంగా ఉంది. ఆమె సికింద్రాబాద్ సీటీసీలో ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్ కొని, తన లాప్‌టాప్‌తో పాటు తెనాలి రైలెక్కింది.

విప్పడం కష్టమైన పనేమీ కాదు, తొందరపడితేనే చెడుతుంది. లాప్‌టాప్‌ని బోర్లా పెట్టి స్క్రూలన్నీ తీయాలి. కొన్ని మోడళ్లలో రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉంటాయి. అన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి, కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకుంటే మేలు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడవుది బిగిస్తే పైభాగం పొంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ఆ తర్వాత పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కని అంచు సందులో దూర్చి నెమ్మదిగా జరుపుతూ పోతే క్లిప్పులు టక్ టక్ మంటూ ఊడుతాయి. ఎక్కడైనా అసలు కదలకపోతే ఇంకా స్క్రూ మిగిలి ఉందని అర్థం.

మూత రాగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ వైరుని బోర్డు నుంచి ఊడదీయడం. లాప్‌టాప్ చచ్చినట్టు కనిపించినా బ్యాటరీలో కరెంటు ఉంటుంది. వైర్లు పట్టుకుని లాగకుండా, ప్లగ్గు రెండు అంచులనీ గోటితో కొద్దికొద్దిగా జరపాలి. అంతకు ముందు ఏదైనా ఇనుప వస్తువుని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. ఎం.2 పలకని పట్టి ఉంచేది చివర ఒకే ఒక్క చిన్న స్క్రూ. అది తీయగానే ఆ చివర దానంతట అదే పైకి లేచి ఏటవాలుగా నిలబడుతుంది. అదే వాలులో వెనక్కి లాగాలి, నిటారుగా పైకి పెరకకూడదు. ఎన్‌క్లోజర్‌లో పెట్టేటప్పుడూ ఇంతే: ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి, బిగించాలి. డబ్బాతో వచ్చే మెత్తటి పట్టీ వేడిని లోహపు గోడకి చేరవేయడానికి ఇచ్చింది, దాన్ని పారేయకుండా పలక మీద అతికించాలి. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు గంటల తరబడి కాపీ చేస్తే బాగా వేడెక్కుతాయి.

కేబుల్‌ని కంప్యూటర్‌కి నేరుగా కలపాలి, మధ్యలో హబ్ వద్దు. పాత హార్డ్‌డిస్కు విషయంలో ఇది మరీ ముఖ్యం. అది తిరగడం మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులే, యూఎస్‌బీ 3 పోర్టు 900 దాకా ఇస్తుంది. కరెంటు చాలకపోతే డిస్కు తిరగబోయి ఆగిపోతూ, కంప్యూటర్‌లో కనబడుతూ మాయమవుతూ ఉంటుంది. అది డిస్కు జబ్బు అనుకునే ముందు పోర్టు, కేబుల్ మార్చి చూడాలి.

ఇప్పుడు తెర మీద ఏం కనబడుతుందన్నదే అసలు విషయం. పాత లాప్‌టాప్‌లో `C:` గా ఉన్న డ్రైవ్ ఇక్కడ `E:` గానో `F:` గానో కనబడుతుంది. డ్రైవ్‌ని ఫార్మాట్ చేస్తేనే వాడుకోగలరని విండోస్ అడిగితే, లేదా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో `Initialize Disk` అని వస్తే, `Cancel` తప్ప మరేదీ నొక్కకూడదు. తనకి అర్థం కాని డ్రైవ్ ఏది కనబడినా విండోస్ ఇలాగే అడుగుతుంది. లోపల ఫైళ్లు లేవని దాని అర్థం కాదు. ఫార్మాట్‌కి ఒప్పుకుంటే మాత్రం చక్కగా ఉన్న డ్రైవ్‌ని మన చేత్తో మనమే పాడు చేసుకున్నట్టు.

అకౌంటెంట్ గారి డ్రైవ్ మీద బంగారు రంగు తాళం బొమ్మ కనబడింది. నొక్కితే 48 అంకెల రికవరీ కీ అడిగింది. "నేనెప్పుడూ ఏ పాస్‌వర్డూ పెట్టలేదే" అన్నారాయన. ఆయన పెట్టలేదన్నది నిజమే. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు, తగిన హార్డ్‌వేర్ ఉన్న లాప్‌టాప్‌లలో విండోస్ తనంతట తానే డ్రైవ్ మొత్తాన్ని బిట్‌లాకర్‌తో గుప్తలిపిలోకి మార్చేస్తుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఇది ఇంకా ఎక్కువ లాప్‌టాప్‌లకి వర్తిస్తోంది. రోజూ ఇది మనకి తెలియదు, ఎందుకంటే తాళం తీసే రహస్యం బోర్డుకి సంబంధించిన టీపీఎం అనే చిప్పు దగ్గర ఉంటుంది. లాప్‌టాప్ ఆన్ చేయగానే అదే తాళం తీసేస్తుంది. డ్రైవ్‌ని ఆ బోర్డు నుంచి వేరు చేసిన మరుక్షణం ఆ సాయం ఉండదు. మిగిలేది రికవరీ కీ ఒక్కటే. దాన్ని ఏ షాపూ ఏ సాఫ్ట్‌వేరూ ఊహించి తెరవలేదు. అలా తెరుస్తామని డబ్బు అడిగేవాళ్లని నమ్మకూడదు.

మంచి సంగతి ఏమిటంటే, విండోస్ తనంతట తాను తాళం వేసినప్పుడు ఆ కీని లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచిపెడుతుంది. ఏ ఫోన్‌లోనైనా బ్రౌజర్ తెరిచి `aka.ms/myrecoverykey` అని కొట్టి ఆ ఖాతాతో లాగిన్ అయితే కీల జాబితా వస్తుంది. ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఏది కావాలో తెలుసుకోవడానికి తెర మీద కీ అడిగే చోటే `Key ID` అని ఎనిమిది అక్షరాలు చూపిస్తుంది. జాబితాలో వాటితో కలిసే వరసని చూడాలి. కీలో ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది ఉంటాయి. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే కీ ఆ ఆఫీసు ఐటీ విభాగం దగ్గర ఉంటుంది.

అకౌంటెంట్ గారికి తొలిసారి కీ దొరకలేదు. ఆయన వాడే జీమెయిల్‌తో మైక్రోసాఫ్ట్‌లోకి వెళ్తే జాబితా ఖాళీగా వచ్చింది. లాప్‌టాప్ కొన్న రోజు సెటప్ చేసింది షాపు కుర్రాడు. ఆ రోజు ఆయన ఫోన్ నంబరుతోనే కొత్త ఔట్‌లుక్ ఖాతా ఒకటి తెరిచాడు. ఫోన్‌లో పాత ఎస్‌ఎంఎస్‌లు వెతికితే మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన ఓటీపీ సందేశం కనబడింది. ఆ నంబరుతోనే ఖాతా తిరిగి తెరిచారు, కీ దొరికింది. ఇలాంటి ఖాతాల వల్లే చాలామందికి కీ దొరకదు. అందుకని ఒకటి రెండు ఖాతాలు చూసి వదిలేయకుండా, కొన్న రోజు ఎవరి మెయిల్, ఎవరి ఫోన్ వాడారో అడిగి తెలుసుకోవాలి.

డ్రైవ్ తెరుచుకున్నాక కాపీ చేయడం మిగిలింది. `Users` ఫోల్డర్‌లో పాత యూజర్ పేరు మీద నొక్కితే అనుమతి లేదని, `Continue` నొక్కమని విండోస్ అంటుంది. నొక్కితే పాత డ్రైవ్ మీద అనుమతులన్నీ మార్చుకుంటూ పోతుంది. దానికి చాలా సేపు పడుతుంది, అన్నిసార్లూ పూర్తి కాదు కూడా. దానికంటే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ మెరుగు. టెర్మినల్‌ని `Run as administrator` తో తెరిచి ఈ ఒక్క వరస ఇస్తే చాలు. ఇక్కడ పాత డ్రైవ్ `E:`, కాపీ వెళ్లాల్సిన వేరే డ్రైవ్ `F:`.

```
robocopy E:\Users F:\Old\Users /E /B /XJ /COPY:DAT /R:1 /W:1 /LOG:F:\copy.txt
```

ఇందులో `/B` అంటే బ్యాకప్ పద్ధతి: అనుమతులు మార్చకుండానే చదువుతుంది. `/XJ` లేకపోతే విండోస్ పెట్టుకున్న లోపలి దారుల్లో పడి ఒకే ఫోల్డర్‌ని మళ్లీ మళ్లీ కాపీ చేసే ప్రమాదం ఉంది. `/R:1 /W:1` అంటే చదవలేని ఫైలు వస్తే ఒక్కసారే మళ్లీ ప్రయత్నించి ముందుకు పొమ్మని. ఇది ఇవ్వకపోతే రోబోకాపీ ఒక్కో ఫైలుకి పది లక్షల సార్లు, మధ్యలో ముప్ఫై సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తుంది. ఒక్క చెడ్డ ఫైలు దగ్గరే రాత్రంతా నిలబడిపోతుంది. `Users` ఫోల్డర్ బయట, ఉదాహరణకి `D:` లో, సొంతంగా చేసుకున్న ఫోల్డర్లు ఉంటే వాటినీ విడిగా కాపీ చేసుకోవాలి.

పని అయ్యాక `copy.txt` చివర ఒక పట్టిక ఉంటుంది. అందులో `FAILED` కింద సున్నా ఉంటే అంతా వచ్చినట్టే. అకౌంటెంట్ గారి పట్టికలో 14 ఫైళ్లు రాలేదని ఉంది. పేర్లు చూస్తే అన్నీ `OneDrive` ఫోల్డర్‌లోవి. వన్‌డ్రైవ్ కొన్ని ఫైళ్లకి లాప్‌టాప్‌లో పేరు మాత్రం ఉంచి, అసలు ఫైలుని ఇంటర్నెట్‌లోనే పెడుతుంది. అవి డ్రైవ్‌లో లేవు కాబట్టి కాపీ కావు. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్‌లోకి వెళ్తే దొరికాయి. డెస్క్‌టాప్ ఖాళీగా కనబడిందని కంగారు పడేవాళ్లు కూడా ముందు `OneDrive` లోపల ఉన్న `Desktop` ఫోల్డర్ చూడాలి.

టాలీ డేటా వెతకడంలో ఇంకో మెలిక. టాలీప్రైమ్ మామూలుగా డేటాని యూజర్ పేరున్న ఫోల్డర్‌లో కాకుండా `Users\Public\TallyPrime\data` లో పెడుతుంది. కంపెనీల పేర్లు కనబడవు. ఒక్కో కంపెనీకి అంకెల పేరుతో ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసుకుని, అమ్మాయి లాప్‌టాప్‌లో టాలీ వేసి, ఆ కాపీ ఉన్న దారి చూపిస్తే కంపెనీలన్నీ వరసగా వచ్చాయి. లైసెన్సుని కొత్త కంప్యూటర్‌లో మళ్లీ యాక్టివేట్ చేసుకోవాల్సి వచ్చింది. రానివి కొన్ని ఉన్నాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పాత విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి ఫైలు కాపీ చేసినా తెరుచుకోవు. ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్లు కూడా ఎస్‌ఎస్‌డీలో సాధారణంగా దొరకవు, ఎందుకంటే డిలీట్ అయిన చోటుని అది తనంతట తాను ఖాళీ చేసుకుంటుంది.

ఇంతవరకు చెప్పింది డ్రైవ్ ఆరోగ్యంగా ఉన్నప్పటి మాట. డ్రైవే జబ్బుపడితే గుర్తులు వేరుగా ఉంటాయి. హార్డ్‌డిస్కు లోపల లయగా టిక్, టిక్ మని కొట్టుకుంటుంది. ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతుంది. పోర్టు, కేబుల్ మార్చినా మధ్యలో మాయమవుతుంది. టిక్ టిక్ చప్పుడు వస్తే వెంటనే కేబుల్ తీసేయాలి, ఎందుకంటే లోపల చదివే సూది దెబ్బతిన్నప్పుడు తిప్పిన ప్రతిసారీ పళ్లెం గీరుకుపోయే ప్రమాదం ఉంది. అక్కడి నుంచి అది డేటా రికవరీ ల్యాబ్ పని. చప్పుడేమీ లేకుండా నెమ్మదిగా మాత్రమే ఉంటే ముందు అతి ముఖ్యమైన ఫోల్డర్లని, చిన్నవాటిని కాపీ చేసుకోవాలి. ఈ దశలో `chkdsk /f` నడపకూడదు. అది ఫైళ్ల జాబితాని సరిచేసే ఉద్దేశంతో డ్రైవ్ మీద రాస్తుంది. జబ్బుపడిన డ్రైవ్ మీద ఆ రాతే మిగిలినదాన్ని పాడు చేయొచ్చు. లినక్స్ తెలిసినవాళ్లు ఇలాంటప్పుడు జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడతారు. అది బాగున్న చోట్లని ముందు చదివేసి, చెడ్డ చోట్లని ఒక జాబితాలో రాసుకుని ఆఖర్న తిరిగి ప్రయత్నిస్తుంది, కాబట్టి డ్రైవ్ పూర్తిగా ఆగిపోయే లోపు వీలైనంత బయటపడుతుంది.

అసలు విప్పి తీయడానికే వీలుకాని లాప్‌టాప్‌లూ ఉన్నాయి. 2018 నుంచి వచ్చిన కొత్త మ్యాక్‌బుక్ ప్రో, ఎయిర్ మోడళ్లలో నిల్వ చిప్పులు బోర్డు మీదే అతికి ఉంటాయి, వాటి తాళం కూడా ఆ బోర్డులోని చిప్పు దగ్గరే. 32, 64 జీబీలతో వచ్చే చవక లాప్‌టాప్‌లలోనూ నిల్వ బోర్డు మీదే ఉంటుంది. ఇలాంటి వాటికి ఎన్‌క్లోజర్ పనికిరాదు. ఫైళ్లు కావాలంటే ఆ బోర్డునే కనీసం ఒక్కసారి లేచేలా బాగు చేయగలిగే చిప్ స్థాయి రిపేరు చేసేవాళ్లని వెతకాలి. బోర్డు మార్చేస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు, పాత బోర్డుతో పాటే ఫైళ్లూ వెళ్లిపోతాయి.

అకౌంటెంట్ గారు 17వ తేదీ రాత్రికి రిటర్నుల పని మొదలుపెట్టారు. లాప్‌టాప్‌ని రిపేరుకి ఇచ్చేటప్పుడు డ్రైవ్‌ని ఇంట్లోనే ఉంచుకున్నారు, అందువల్ల పార్టీల లెక్కలు షాపు చేతిలో పడలేదు, పొరపాటున ఎవరూ ఫార్మాట్ చేసే వీలూ లేదు. షాపువాళ్లు బోర్డు మార్చి ఇచ్చాక డ్రైవ్‌ని తిరిగి బిగించి ఆన్ చేస్తే నీలం తెర వచ్చి మళ్లీ అదే 48 అంకెల కీ అడిగింది. కొత్త బోర్డుతో వచ్చిన టీపీఎం చిప్పుకి ఈ డ్రైవ్ కొత్తది. కీ కాగితం మీద రాసి ఉంది కాబట్టి ఒక్కసారి కొట్టగానే విండోస్ లేచింది. పని చేస్తున్న లాప్‌టాప్‌లో ఆ కీ ఎంతో ఇప్పుడే చూసుకోవాలనుకునేవాళ్లు టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ వరస ఇవ్వొచ్చు:

```
manage-bde -protectors -get C:
```

`Numerical Password` కింద కనబడే 48 అంకెలే ఆ కీ. దాన్ని అదే లాప్‌టాప్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు. కాగితం మీద రాసి, పక్కనే `ID` మొదటి ఎనిమిది అక్షరాలు, కొన్న రోజు ఏ మెయిల్‌తో ఖాతా తెరిచారో అది కూడా రాసి పెట్టుకోవాలి.